కరెంటు వచ్చాక కూడా నెట్ రావట్లేదా? రౌటర్, స్విచ్‌లకు ఏ బ్యాకప్ సరిపోతుంది, ఏది ముందు ఆన్ కావాలి

గాలివాన మొదలైన సాయంత్రం కరెంటు రెండు సెకన్లు పోయి వస్తుంది. ఇన్వర్టర్ అందుకుంటుంది, ఫ్యాను ఆగదు, లైటు ఒక్కసారి మినుక్కుమంటుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. కానీ హాల్లో టీవీ వెనకున్న రౌటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది, జరుగుతున్న మీటింగ్ తెగిపోతుంది. నాలుగు నిమిషాలకు నెట్ వస్తుంది. ప్రింటరు మాత్రం ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంది, మేడ మీద కెమెరా కనబడదు. అప్పుడు అన్నీ పీకి మళ్లీ పెడతాం, సగం పనిచేస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే పని పెద్ద బ్యాటరీ ఉన్న యూపీఎస్ కొనేయడం. అయితే రెండు సెకన్ల కోతకూ రెండు గంటల కోతకూ మందు ఒకటి కాదు. మొదటిదానికి బ్యాటరీ ఎంత పెద్దదన్నది లెక్కే కాదు, ఎంత తొందరగా అందుకుందన్నదే లెక్క. రెండోదానికి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు అన్నది లెక్క. ఇక కరెంటు వచ్చాక పరికరాలు కలవకపోవడం అనేది చాలాసార్లు బ్యాటరీ సమస్యే కాదు. ఏది ముందు లేచింది, ఎవరికి ఏ ఐపీ అడ్రస్ దక్కింది అన్నదాని సమస్య. ఈ మూడింటినీ విడదీసి చూస్తే ఎంపిక తేలికవుతుంది.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

మొదట గొలుసులో ఎన్ని డబ్బాలున్నాయో లెక్కపెట్టండి. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకు వచ్చిన సన్నటి తీగ దిగే ఫైబర్ బాక్సు (ఆపరేటర్లు ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు), దాని తర్వాత రౌటర్, దాని తర్వాత లాన్ తీగలను పంచే స్విచ్, మేడ మీద ఇంకో వైఫై పాయింటు. వీటిలో ఒక్కటి ఆరినా నెట్ ఆగినట్టే. రౌటర్‌కు మాత్రమే బ్యాకప్ పెట్టి, ఫైబర్ బాక్సును మామూలు ప్లగ్‌లో వదిలేసిన ఇళ్లు చాలా ఉంటాయి. వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

రెండోది, ఒక్కో డబ్బాకు ఎన్ని వోల్టులు కావాలో అడాప్టర్ మీద చదవండి. ఫైబర్ బాక్సులు, రౌటర్లు ఎక్కువగా 12 వోల్టులవి. చిన్న 5 పోర్టుల, 8 పోర్టుల స్విచ్‌లు చాలావరకు 5 వోల్టులవి. కొన్ని పాత రౌటర్లు 9 వోల్టులవి. కెమెరాలకు తీగలోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ అయితే 48 నుంచి 54 వోల్టుల దాకా ఉంటుంది. ఈ ఒక్క సంగతే సగం ఎంపికను తేల్చేస్తుంది.

మూడోది, అసలు వాడకం ఎన్ని వాట్లో. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే 18 వాట్లు అన్నమాట. అది గరిష్ఠం మాత్రమే, రౌటర్ నిజంగా లాగేది సాధారణంగా అందులో సగం. ప్లగ్‌కూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్‌మీటరు దొరికితే అరగంట పెట్టి చూడండి. లేకపోతే అడాప్టర్ మీద ఉన్నదానిలో అరవై శాతం వేసుకుంటే కొంచెం ఎక్కువే లెక్కేసినట్టవుతుంది, నష్టం లేదు.

నాలుగోది మన చేతిలో లేనిది. ఇంటి వరకు ఫైబర్ తీగే వస్తే మధ్యలో వీధి స్తంభం మీదున్న స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో యంత్రం నడిస్తే చాలు. అదే అపార్ట్‌మెంటు మీటర్ల గదిలోనో టెర్రస్ మీదో స్విచ్ పెట్టి, అక్కడి నుంచి మామూలు లాన్ కేబుల్ ఇచ్చే కనెక్షన్ అయితే, ఆ స్విచ్‌కు కరెంటు పోగానే మీ ఇంట్లో ఎన్ని యూపీఎస్‌లున్నా నెట్ రాదు. కరెంటు లేనప్పుడు మీ ఫైబర్ బాక్సును బ్యాకప్ మీద పెట్టి చూడండి. ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ తీగలో రావాల్సిన వెలుగు సిగ్నల్ మీ దాకా రావట్లేదని. తీగ తెగి ఉండాలి, లేదా అవతలి యంత్రం ఆగి ఉండాలి. ప్రతి కోతకూ వెలిగి, కరెంటు రాగానే దానంతటదే పోతుంటే తీగ బాగానే ఉంది, ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేదు. అలాంటి చోట నాలుగు గంటల బ్యాటరీ కొనడం డబ్బు దండగ.

## ఉన్న ఇన్వర్టర్‌నే సరిగ్గా వాడుకోవడం

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ముందు దీన్నే చూడాలి, పైసా ఖర్చు లేదు. మొదట చూడాల్సింది రౌటర్ ప్లగ్ ఇన్వర్టర్ లైను మీద ఉందా అని. చాలా ఇళ్లలో ఫ్యాన్లు, లైట్ల లైనే ఇన్వర్టర్‌కు ఇస్తారు. టీవీ దగ్గరి ప్లగ్ పాయింట్లు బయటే ఉండిపోతాయి. మెయిన్ ఆపి, ఆ పాయింటులో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత ఇన్వర్టర్ వెనకో ముందో ఉండే మోడ్ స్విచ్. ఒకవైపు యూపీఎస్ అని, ఇంకోవైపు ఎకో అనో నార్మల్ అనో ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ లైను నుంచి బ్యాటరీకి మారడానికి సుమారు 10 నుంచి 20 మిల్లీసెకన్లు పడుతుంది. రెండో మోడ్‌లో అంతకన్నా ఎక్కువ. ఫ్యానుకు ఆ తేడా తెలియదు, రౌటర్‌కు తెలుస్తుంది. అడాప్టర్ లోపలి కెపాసిటర్‌లో నిలవున్న కరెంటు ఆ కాసేపు రౌటర్‌ను మోస్తుంది. కొత్త అడాప్టర్ అయితే 20 మిల్లీసెకన్లు సులువుగా దాటిస్తుంది. నాలుగైదేళ్లుగా రాత్రింబవళ్లు వేడెక్కిన అడాప్టర్‌లో ఆ కెపాసిటర్ ఉబ్బి, సత్తువ కోల్పోతుంది. అందుకే మొన్నటిదాకా బాగానే ఉన్న రౌటర్ ఈ ఏడాది నుంచి ప్రతి కోతకూ రీస్టార్ట్ అవుతుంటే రౌటర్‌ను అనుమానించే ముందు అడాప్టర్ మార్చి చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువున్నా పరవాలేదు.

ఇన్వర్టర్‌తో ఒక లోటుంది. మోడ్ మార్చి, అడాప్టర్ మార్చినా రీస్టార్ట్ ఆగకపోతే ఇక దాంతో చేసేదేమీ లేదు, మధ్యలో ఇంకొకటి కావాలి. ఆ ఇంకొకటి ఏదన్నదే మిగతా పోలిక.

## మినీ డీసీ యూపీఎస్

పుస్తకమంత డబ్బా, లోపల లిథియం సెల్స్, బయటికి 12 వోల్టుల డీసీ. అడాప్టర్‌కూ రౌటర్‌కూ మధ్యలో కూర్చుంటుంది. ఏసీకి మార్చి మళ్లీ డీసీకి మార్చే నష్టం లేదు కాబట్టి చిన్న బ్యాటరీతోనే ఎక్కువసేపు నడుస్తుంది. రెండు సెకన్ల కోతకు దీన్ని మించింది లేదు. ఇన్వర్టర్ ఎంత నెమ్మదిగా మారినా రౌటర్‌కు సంగతే తెలియదు.

కొనేటప్పుడు మోసపోయేది మిల్లీ ఆంపియర్-అవర్ల దగ్గర. డబ్బా మీద 8800 అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది 3.7 వోల్టుల సెల్ లెక్క, మీ రౌటర్ వాడేది 12 వోల్టులు. కాబట్టి వాట్-అవర్లలోకి మార్చుకోండి: 8.8ను 3.7తో హెచ్చిస్తే 32.5 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 27 చేతికొస్తాయి. ఫైబర్ బాక్సు 6 వాట్లు, రౌటర్ 9 వాట్లు లాగితే మొత్తం 15. అంటే గంటా యాభై నిమిషాలు. రౌటర్ ఒక్కటే అయితే మూడు గంటలు. కొత్తగా ఉన్నప్పటి సంగతి ఇది, రెండేళ్లకు ఇందులో కొంత తగ్గుతుంది.

ఇంకో తప్పు చార్జింగ్ దగ్గర జరుగుతుంది. చాలామంది రౌటర్‌తో వచ్చిన 1 ఆంపియర్ అడాప్టర్‌నే మినీ యూపీఎస్‌కు తగిలిస్తారు. అది 12 వాట్లే ఇవ్వగలదు. రెండు డబ్బాలు 15 వాట్లు లాగుతుంటే బ్యాటరీ నిండడం మాట అటుంచి, కరెంటు ఉన్నప్పుడు కూడా మెల్లగా ఖాళీ అవుతూ ఉంటుంది. కొన్ని రోజులకు కోతే లేకుండా రౌటర్ ఆరిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. లోడ్ వాట్లకు కనీసం పది కలిపి, అంత ఇవ్వగల అడాప్టర్ పెట్టండి. ఈ లెక్కన 25 వాట్లు, అంటే 12 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్. యూపీఎస్ ఇన్‌పుట్ అంత తీసుకోగలదా అన్నది దాని మీదే రాసి ఉంటుంది, చూసుకోండి.

పిన్నుల విషయంలో జాగ్రత్త. గుండ్రటి పిన్ను బయటి మందం 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 రకం పిన్ను 2.1 సాకెట్‌లో ఇట్టే దూరుతుంది గానీ వదులుగా ఉంటుంది. వైరు కదిలినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అయితే ఇదే కారణం. ఇక అసలు ప్రమాదం 5 వోల్టుల స్విచ్‌ను 12 వోల్టుల వైరుకు తగిలించడం. కొన్ని బ్రాండ్లలో పిన్ను ఒకేలా ఉంటుంది, స్విచ్ కాలిపోతుంది. 5 వోల్టుల స్విచ్ ఉంటే యూఎస్‌బీ అవుట్‌పుట్ కూడా ఉన్న మోడల్ తీసుకుని, యూఎస్‌బీ నుంచి సరైన పిన్నుకు వచ్చే వైరు వాడండి. తగిలించేముందు ఏ వైరు దేనిదో స్టిక్కర్ అంటించండి.

పీఓఈ అని రాసి ఉన్న మినీ యూపీఎస్‌లూ వస్తున్నాయి. వాటిలో చాలావరకు 15 లేదా 24 వోల్టులను నేరుగా తీగలోకి వదిలేవి. 48 వోల్టులు అడిగే మామూలు కెమెరా వాటితో లేవదు.

## 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్

బజార్లో తేలిగ్గా దొరికేది, ఏ వోల్టుల అడాప్టరైనా నేరుగా పెట్టుకోవచ్చు. మారే సమయం పది మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. పీఓఈ స్విచ్, కెమెరాల రికార్డర్ ఉన్న ఇంటికీ దుకాణానికీ ఇదే దారి.

600 వీఏ అన్న అంకె చూసి గంటలు లెక్కేయకండి. అది ఒక్కసారిగా ఎంత బరువు మోయగలదో చెబుతుంది, సాధారణంగా 360 వాట్లు. ఎంతసేపు మోయగలదో చెప్పేది లోపలి బ్యాటరీ. అది ఎక్కువగా 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్లది, అంటే 84 వాట్-అవర్లు. అందులో చేతికొచ్చేది 50 అనుకోండి. పైగా ఏమీ తగిలించకపోయినా యూపీఎస్ తన కోసం ఓ పది వాట్లు తినేస్తుంది. రౌటర్, ఫైబర్ బాక్సు, స్విచ్ కలిసి 20 వాట్లయితే, యూపీఎస్‌వి పది కలిపి 30. యాభైని ముప్పైతో భాగిస్తే గంటా నలభై నిమిషాలు. అంటే 84 వాట్-అవర్ల ఈ బరువైన డబ్బా, 32 వాట్-అవర్ల మినీ యూపీఎస్ ఇంచుమించు సమానంగానే నడుస్తాయి. చిన్న లోడ్‌కు కంప్యూటర్ యూపీఎస్ అంత లాభం కాదనడానికి కారణం ఇదే.

చిన్న లోడ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ మీదున్నప్పుడు లోడ్ మరీ తక్కువైతే ఏమీ తగిలించలేదనుకుని, కొన్ని నిమిషాలకు తనంతట తానే ఆగిపోయే మోడళ్లున్నాయి. బ్యాటరీ నిండుగా ఉండి కూడా ప్రతి కోతలో సరిగ్గా అదే సమయానికి ఆరిపోతుంటే ఇదే. మాన్యువల్‌లో ఆ సౌకర్యాన్ని ఆపే పద్ధతి ఉంటే ఆపాలి, లేకపోతే ఆ మోడల్ రౌటర్‌కు పనికిరాదు.

ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఈ యూపీఎస్ పెట్టకండి. ఆ కరెంటును యూపీఎస్ మంచి కరెంటుగా ఒప్పుకోదు. టక్ టక్ మంటూ బ్యాటరీకీ లైనుకూ మధ్య ఊగి, ఇన్వర్టర్ నడుస్తుండగానే తన బ్యాటరీ అయిపోగొట్టుకుంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ గొడవ రాదు. మినీ యూపీఎస్‌కైతే స్క్వేర్ వేవ్ అయినా ఒకటే, అడాప్టర్ దాన్ని డీసీగా మార్చేసుకుంటుంది.

| చూడాల్సింది | ఇన్వర్టర్ ఒక్కటే | మినీ డీసీ యూపీఎస్ | 600 వీఏ యూపీఎస్ | ఇన్వర్టర్ + మినీ |
|---|---|---|---|---|
| రెండు సెకన్ల కోత | మోడ్, అడాప్టర్ బాగుంటేనే | తెలియనే తెలియదు | తెలియదు | తెలియనే తెలియదు |
| 15–20 వాట్లతో ఎంతసేపు | చాలా గంటలు | గంటా ఇరవై–గంటా యాభై నిమిషాలు | గంటా నలభై నిమిషాలు–రెండు గంటలు | చాలా గంటలు |
| పీఓఈ కెమెరాలు | నడుస్తాయి | నడవవు | నడుస్తాయి, తక్కువసేపు | ఇన్వర్టర్ మీదే నడుస్తాయి |
| నిర్వహణ | ఉన్నదే | బ్యాటరీ పోతే తరచూ డబ్బానే మార్చాలి | రెండు మూడేళ్లకు బ్యాటరీ | రెండూ |

## ఎవరికి ఏది

ఇన్వర్టర్ ఉండి ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు నా సలహా సూటిగా ఒకటే: ఇన్వర్టర్ లైను మీద మినీ యూపీఎస్. మినుకును మినీ యూపీఎస్ చూసుకుంటుంది, గంటల సంగతి ఇన్వర్టర్ చూసుకుంటుంది. అప్పుడు మినీ యూపీఎస్‌లో పెద్ద బ్యాటరీ అక్కర్లేదు, ఉన్నవాటిలో చిన్నది చాలు. డబ్బు బ్యాటరీ మీద కాకుండా, సరైన పిన్నులు, ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ మీద పెట్టండి.

ఇన్వర్టర్ లేని అద్దె ఇంట్లో, రెండు డబ్బాలే ఉంటే మినీ యూపీఎస్సే. కాకపోతే ఈసారి బ్యాటరీ లెక్కేసి కొనాలి. నాలుగు గంటలు కావాలంటే 15 వాట్లకు 60 వాట్-అవర్లు చేతికి రావాలి, అంటే సెల్స్ మీద సుమారు 70. అది 3.7 వోల్టుల లెక్కన 19,000 మిల్లీ ఆంపియర్-అవర్లు. ఒక్క డబ్బాలో అంత దొరక్కపోతే ఫైబర్ బాక్సుకొకటి, రౌటర్‌కొకటి విడివిడిగా పెట్టుకోవచ్చు. ముందు ఆరేది ఏదైనా నెట్ పోతుంది కాబట్టి ఎక్కువ లాగే రౌటర్‌కే పెద్దది ఇవ్వండి.

పీఓఈ స్విచ్, రికార్డర్ ఉంటే మినీ యూపీఎస్ ఆలోచన వదిలేయండి. ఇక్కడ నిర్ణయించుకోవాల్సింది కెమెరాలు కోతంతా నడవాలా, లేక రికార్డర్ హార్డ్ డిస్క్ దెబ్బతినకుండా చిన్న కోతలు దాటితే చాలా అన్నది. రెండోది చాలనుకుంటే 600 వీఏ సరిపోతుంది. మొదటిది కావాలంటే సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప వేరే దారి లేదు.

## కరెంటు వచ్చాక పరికరాలు ఎందుకు కలవవు

బ్యాకప్ ఎంత పెద్దదైనా ఏదో ఒకరోజు ఖాళీ అవుతుంది. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేస్తాయి. చిన్న స్విచ్ కొన్ని సెకన్లలో లేస్తుంది. ప్రింటరు, కెమెరా అరనిమిషంలో లేచి ఐపీ అడ్రస్ అడుగుతాయి. రౌటర్‌కు ఒకటి రెండు నిమిషాలు కావాలి. అడిగినప్పుడు ఇచ్చేవాళ్లు లేరు. కొన్నిసార్లు అడిగి విసిగి, పరికరం 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తనే పెట్టుకుంటుంది. విండోస్ కంప్యూటరైతే ఐదు నిమిషాలకోసారి మళ్లీ అడుగుతుంది. కొన్ని చవక కెమెరాలు, పాత ప్రింటర్లు మళ్లీ అడగనే అడగవు, వాటిని ఆపి ఆన్ చేస్తే తప్ప కలవవు.

దీనికి మంచి పరిష్కారం వరుసను చేత్తో పాటించడం కాదు, వరుసే అక్కర్లేకుండా చేయడం. ఫైబర్ బాక్సు, రౌటర్, స్విచ్ మూడూ బ్యాకప్ మీద ఉండి ఆరకపోతే, మిగతావి ఎప్పుడు లేచినా ఐపీ ఇవ్వడానికి రౌటర్ సిద్ధంగా ఉంటుంది. స్విచ్‌కు కూడా బ్యాకప్ ఇవ్వమనడం అందుకే.

అన్నీ ఆరిపోయిన రోజున మాత్రం ఈ వరుస పాటించండి. ముందు ఫైబర్ బాక్సు. దాని మీద PON అని రాసి ఉన్న లైటు మెరవడం ఆగి నిలకడగా వెలిగేదాకా ఆగండి, మూడు నిమిషాల దాకా పట్టొచ్చు. తర్వాత రౌటర్, రెండు నిమిషాలు. తర్వాత స్విచ్, పై అంతస్తు వైఫై పాయింటు. ఆఖర్న రికార్డర్, కెమెరాలు, ప్రింటర్లు. స్విచ్ సెట్టింగులు మార్చుకునే రకమైతే, లేచాక కూడా లూపులు లేవని నిర్ధారించుకోవడానికి ఒక్కో పోర్టును మరో 30 సెకన్లు పట్టి ఉంచవచ్చు. లైటు వెలుగుతున్నా డేటా పోకపోతే కంగారుపడి మళ్లీ ఆపకండి.

యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. కరెంటు హఠాత్తుగా పోతే రౌటర్ వెళ్లొస్తానని చెప్పకుండా వెళ్లిపోయినట్టు. అవతలి సర్వర్ పాత లాగిన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. ఒకసారికి ఒకరే లాగిన్ కావాలన్న నియమముంటే కొత్త లాగిన్‌ను తిప్పికొడుతుంది. పాస్‌వర్డ్ తప్పన్నట్టు చూపిస్తుంది గానీ పాస్‌వర్డ్ తప్పు కాదు. అయిదు పది నిమిషాలు వదిలేస్తే పాత లాగిన్ గడువు తీరి, కొత్తది కలుస్తుంది. ఈలోగా సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చేస్తేనే అసలు సమస్య మొదలవుతుంది.

రౌటర్ లేచాక కూడా ప్రింటరు ఆఫ్‌లైన్ అంటోందంటే అడ్రస్ మారి ఉంటుంది. ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామన్న చిట్టాను చాలా ఇంటి రౌటర్లు తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి, రీస్టార్ట్‌తో అది చెరిగిపోతుంది. నిన్న 192.168.1.20 ప్రింటరుది, ఇవాళ అది ఎవరి ఫోన్‌దో అయింది. కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతుంది. రౌటర్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ప్రింటరు, రికార్డర్, కెమెరాల మ్యాక్ అడ్రస్‌లకు ఒక్కో అంకె ఖాయం చేయండి. ఒకసారి చేస్తే చాలు.

స్మార్ట్ ప్లగ్, వైఫై కెమెరా లాంటివి రీస్టార్ట్ తర్వాత అసలు నెట్‌వర్క్‌నే చూడలేకపోతే 2.4 గిగాహెర్ట్జ్ చానల్ చూడండి. ఆటో అని ఉంటే రౌటర్ లేచిన ప్రతిసారీ కొత్త చానల్ వెతుక్కుంటుంది, ఈసారి 12 లేదా 13 పట్టుకుని ఉండొచ్చు. 11 వరకే తెలిసిన పరికరాలకు ఆ వైఫై లేనట్టే. 1, 6, 11లలో ఒకటి స్థిరంగా పెట్టేయండి.

ఆఫీసుల్లో సెట్టింగులు మార్చిన స్విచ్‌కు ఇంకో గండం: నెలల క్రితం మార్చిన వీలాన్‌లు కోత తర్వాత మాయమవుతాయి. మార్పులు అప్పుడు నడుస్తున్న కాన్ఫిగరేషన్‌లోనే ఉండి, సేవ్ కాలేదు. సిస్కో తరహా స్విచ్‌లో ఈ ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే సరిపోయేది:

```
copy running-config startup-config
```

వెబ్ పేజీతో నడిచే స్విచ్‌లలో సేవ్ అనే బటన్ విడిగా ఉంటుంది, అప్లై నొక్కితే చాలదు.

## ఒక ఇంటి లెక్క

రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. కింద ఫైబర్ బాక్సు 6 వాట్లు, రౌటర్ 9 వాట్లు. మేడ మెట్ల కింద నాలుగు కెమెరాలకు పీఓఈ స్విచ్, ఒక రికార్డర్. రాత్రి చీకట్లో చూసే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక కెమెరాలు ఒక్కొక్కటి 6 వాట్లు, స్విచ్ తనకు 5, మొత్తం 29. రికార్డర్, డిస్క్ కలిపి 14. అన్నీ కలిపి 58 వాట్లు.

ఇదంతా ఒకే 600 వీఏ యూపీఎస్ మీద పెడితే, దానివి పది కలిపి 68. యాభైని భాగిస్తే 44 నిమిషాలు వస్తుంది కాగితం మీద. ఇంత కరెంటు ఒక్కసారిగా లాగినప్పుడు చిన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు, అర్ధగంట అనుకోవడం మంచిది. అర్ధగంటకు కెమెరాలతోపాటు నెట్ కూడా పోతుంది. ఇక్కడే విడదీయాలి. ఫైబర్ బాక్సు, రౌటర్‌లకు 8800 మినీ యూపీఎస్ ఇస్తే గంటా యాభై నిమిషాలు. కెమెరాలు, రికార్డర్‌లకు 600 వీఏ ఇస్తే 43 వాట్లకు ముప్పావుగంట. వెలుగు తక్కువున్న గేటు కెమెరా ఒక్కటే కావాలనుకుంటే కోత పెద్దదైనప్పుడు మిగతా మూడింటి తీగలు పీకితే ఆ ముప్పావుగంట ఇంకా సాగుతుంది.

## పెట్టాక పరీక్ష

బ్యాటరీ నిండాక, ఒక విండోస్ ల్యాప్‌టాప్ వైఫైకి కలిపి రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీల్లో ఇవి నడపండి. మొదటిది మీ రౌటర్ అడ్రస్, రెండోది బయటి ప్రపంచం.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

ఇప్పుడు రౌటర్ ప్లగ్ పీకడం కాకుండా మెయిన్ ఎంసీబీ దించండి, రెండు సెకన్లకు ఎత్తండి. నిమిషం ఆగి మళ్లీ. ఇలా పదిసార్లు. దించేముందు ఫ్రిజ్, ఏసీ ఆపేయండి. వాటి కంప్రెసర్లకు ఈ ఆట మంచిది కాదు. మొదటి కిటికీలో జవాబులు నిమిషానికి పైగా ఆగితే రౌటర్ రీస్టార్ట్ అయినట్టే. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే ఫైబర్ బాక్సు బ్యాకప్ మీద లేదు, లేదా అవతలి వైపు ఆగింది. పదిలో ఎనిమిదిసార్లు బాగుండి రెండుసార్లు రీస్టార్ట్ అయితే పిన్ను వదులో, అడాప్టర్ ముసలిదో అయ్యుంటుంది.

తర్వాత ఒక ఆదివారం మెయిన్ దించి, బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వదిలి, ఎన్ని నిమిషాలు వచ్చిందో తేదీతో సహా కాగితం మీద రాసి యూపీఎస్‌కే అంటించండి. ఆరు నెలలకోసారి ఇలాగే చేయండి. లెడ్ బ్యాటరీలో ఆ అంకె మొదటిదానిలో సగానికి పడితే బ్యాటరీ మార్చే వేళ. మినీ యూపీఎస్ అడుగుభాగం ఉబ్బినట్టు కనిపిస్తే నిమిషాలు ఎన్ని వచ్చినా సరే, ఆ రోజే తీసేయండి.